వేసవి మజ్జిగ – దాని నిలువ

కొన్ని వేసవుల క్రితం కర్నూలులో వార్షిక పరీక్షలు జరుగుతున్న రోజులలో, మేము కొందరు అధ్యాపకులము కలిసి, పరీక్ష వ్రాసి వచ్చే విద్యార్థులకు తలా ఒక గ్లాసు మసాలా మజ్జిగ ఇప్పించవలెనని సంకల్పించినాము. పరీక్ష ఉదయం 9 గంటలకు మొదలై 12 గంటలకు ముగుస్తుంది. ఆ వేళకు మైదానం దాటి బస్సు నిలిచే చోటికి పోవుటయే ఒక పరీక్ష. మొదటి రోజున ఉదయం 6 గంటలకే లేచి, ముందునాటి సాయంత్రం తోడుపెట్టిన పెరుగును చిలికి, నీరు పోసి, ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర అన్నీ అప్పుడే కలిపి, రెండు పెద్ద అల్యూమినియం గిన్నెలలో వరండాలో ఉంచినాము. ఆరు గంటలకు రుచి చూచినప్పుడు అమృతమే అనిపించినది. పన్నెండున్నరకు విద్యార్థులు వచ్చి ఒక గుక్క త్రాగి, మా ముఖం చూచి, మర్యాదకు మరొక గుక్క త్రాగి గ్లాసులు క్రింద పెట్టినారు. సగానికి పైగా పారబోయవలసి వచ్చినది. కొత్తిమీర నల్లబడినది, అల్లం ఘాటు పోయి ఏదో చిరుచేదు మిగిలినది, పులుపు పళ్ళను జివ్వుమనిపించినది.

ఆ రోజున మేము చేసిన తప్పులు ఏవో తరువాత ఒక్కొక్కటిగా తెలిసినవి. మజ్జిగ చేయుట రాక జరిగిన తప్పులు కావు అవి. మజ్జిగ నిలువకు లెక్క ఎక్కడ మొదలవుతుందో తెలియక జరిగినవి. చిలికిన క్షణం నుండి గంటలు లెక్కిస్తాము మనము. నిజానికి పాలు తోడుకొన్న క్షణం నుండి లెక్కింపవలె. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

మజ్జిగనే తెలుగు పల్లెలలో చల్ల అంటారు. చల్లకు వచ్చి ముంత దాచినట్లు అన్న సామెత అందరికీ తెలిసినదే. ఉర్దూ మాట్లాడే మా ఇళ్ళలో ఛాఛ్ అంటారు. పేరేదైనా, కవ్వంతో చిలికి వెన్న తీసిన మజ్జిగ వేరు, పెరుగులో నీళ్ళు పోసి గరిటెతో కలిపినది వేరు. కలిపిన దానిలో పెరుగు తునకలు సన్నగా మిగిలి అడుగుకు దిగుతాయి; పైన తేట త్వరగా నిలుస్తుంది; కొవ్వు అంతా అందులోనే ఉంటుంది. చిలికిన దానిలో తునకలు పూర్తిగా విరిగి నీటితో కలిసిపోతాయి, కొవ్వు వెన్నగా పైకి వచ్చివేస్తుంది. వేసవికి దాహం తీర్చేది చిలికినదే. కొవ్వు మిగిలిన మజ్జిగ ఎండలో కొంతసేపు ఉంటే పైన నూనె తెట్టు కట్టి, ఒక విధమైన వాసన వేస్తుంది.

ఇక పులుపు సంగతి. పాలలో నూటికి 4 నుండి 5 పాళ్ళు ఒక విధమైన చక్కెర ఉంటుంది. తోడు చుక్కలో ఉన్న సూక్ష్మజీవులు ఆ చక్కెరను తిని ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లం ఒక హద్దుకు పెరిగినప్పుడు పాలలోని మాంసకృత్తు గడ్డకడుతుంది. దానినే తోడుకొనుట అంటాము. అయితే పాలు తోడుకొనే సరికి ఆ చక్కెరలో కొద్ది భాగమే ఖర్చవుతుంది, ఎక్కువ భాగం ఇంకా మిగిలియే ఉంటుంది. సూక్ష్మజీవులకు పెరుగు గట్టిపడినదన్న సంగతి తెలియదు. తిండి ఉన్నది, వేడి ఉన్నది, కావున పని సాగిస్తూనే ఉంటాయి. వాటికి 30 నుండి 42 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య వేడిమి మిక్కిలి అనుకూలం. కర్నూలులో మే నెల మధ్యాహ్నం మన వంటింటి వేడిమి సరిగ్గా అదే. చలికాలంలో రాత్రంతా ఉన్నా కమ్మగా ఉండే పెరుగు, వేసవిలో ఆరు గంటలకు తోడుకొని, మరి ఆరు గంటలకు పుల్లబడుటకు కారణం ఇదే.

నీరు పోస్తే పులుపు తగ్గుతుంది కదా అని కొందరు అడుగుతారు. నాలుకకు తగ్గినట్లు తోస్తుంది. మూడు పాళ్ళ నీరు కలిపినప్పుడు ఆమ్లం పలుచబడుతుంది గనుక రుచి మెత్తబడుతుంది. కాని సూక్ష్మజీవులు చావవు, చక్కెర తరిగిపోదు, పని ఆగదు. పైపెచ్చు మనము పోసే నీరు వెచ్చనిదైతే వాటికి సాయం చేసినట్లే. ఉప్పు వేస్తే నిలువ ఉంటుందన్నది మరొక నమ్మకం. ఊరగాయకు వేసే ఉప్పు వేరు, త్రాగే మజ్జిగకు వేసే ఉప్పు వేరు. లీటరుకు ఒక చిన్న చెంచాడు, అనగా సుమారు 5 గ్రాముల ఉప్పు రుచికే గాని నిలువకు చాలదు. నిలువకు చాలినంత వేస్తే అది త్రాగుటకు పనికిరాదు.

మజ్జిగ నిలువ ముందునాటి రాత్రియే నిర్ణయమవుతుందని అందుకే అంటున్నాము. సాయంత్రం 6 గంటలకు తోడుపెట్టిన పాలు వేసవిలో రాత్రి 12 గంటలకే తోడుకొంటాయి. ఉదయం 6 గంటలకు చిలికే సరికి ఆ పెరుగుకు ఆరు గంటల వయస్సు వచ్చివేసినది. అనగా మొదటి రోజున మేము తాజా మజ్జిగ చేసినామనుకొన్నాము గాని, సగం ఆయుష్షు అయిపోయిన పెరుగునే చిలికినాము. పాలను కాచి చల్లార్చి, వేలు పెడితే గోరువెచ్చగా తోచే వేళ, రాత్రి 11 గంటల ప్రాంతంలో తోడుపెట్టవలె. అర లీటరు పాలకు ఒక చెంచాడు తోడు చాలు. వేసవిలో ఇంకా తక్కువైనా సరిపోతుంది. తోడు ఎక్కువైతే పెరుగు త్వరగా పుల్లబడుటయే గాక నీరు విడుస్తుంది. తోడుకు వాడే పెరుగు కూడా ఆనాటిదై కమ్మగా ఉండవలె. పుల్లని తోడుతో కమ్మని పెరుగు రాదు. తెల్లవారుజామున 5 గంటలకు గిన్నెను కొంచెం వంచి చూడండి: పెరుగు అంచును వదలి జారక, గడ్డగా కదలితే తోడుకొన్నట్లు. పైన పచ్చని తేట నిలువక ముందే చిలుకుట మంచిది.

చిలుకుటకు వేసవిలో తెల్లవారుజాము తప్ప మరొక వేళ లేదు. వెన్న కూడవలెనంటే పెరుగులోని కొవ్వు కొంచెం గట్టిగా ఉండవలె. ఎండ ఎక్కిన తరువాత చిలికితే కొవ్వు మెత్తబడి ఒకదానికొకటి అంటుకొని ముద్ద కాక, జిడ్డుగా మజ్జిగలోనే తేలుతుంది. ఎంత చిలికినా కవ్వానికి అంటదు. అందుచేత రాత్రంతా కుండలో చల్లబడిన నీటిని పెరుగుకు సగం పాలు మాత్రమే ముందు పోసి చిలుకవలె. మొదట నురుగు పెద్ద బుడగలుగా లేస్తుంది, తరువాత బుడగలు చిన్నవై, కవ్వం శబ్దం మారుతుంది. గలగల పోయి బరువైన చప్పుడు వస్తుంది. అప్పుడు గిన్నె అంచున వెన్న గింజలు కనబడతాయి. ఇంకొక లోటా చల్లని నీరు చల్లితే ఆ గింజలు గట్టిపడి ముద్దకు వస్తాయి. వెన్న తీసిన తరువాత మిగిలినది చిక్కని మజ్జిగ. చాలమంది ఈ దశలోనే మిగిలిన నీరంతా పోసి, మసాలా వేసి ముగిస్తారు. మా అనుభవంలో ఇదే రెండవ పొరపాటు. చిక్కని మజ్జిగను ఉప్పు లేక, మసాలా లేక, చల్లని చోట అట్లే ఉంచవలె. త్రాగుటకు అరగంట ముందు మాత్రమే నీరు, మసాలా కలుపవలె.

మసాలాను ముందుగా కలిపితే వచ్చే నష్టం పులుపుకన్న వేరైనది. పచ్చి అల్లంలో మాంసకృత్తులను ఛేదించే పదార్థం ఒకటి ఉన్నది. పాలలో పచ్చి అల్లం వేస్తే పాలు విరుగుట చాలమంది చూచియే ఉంటారు. అల్లం ముద్ద మజ్జిగలో గంటల తరబడి నానితే చేదు పుడుతుంది. మొదటి రోజున మాకు నాలుకకు తగిలిన చిరుచేదు అదే. కొత్తిమీర, కరివేపాకుల పచ్చదనం ఆమ్లంలో నిలువదు. రెండు మూడు గంటలలో ఆకుపచ్చ కాస్తా గోధుమ వన్నెకు తిరుగుతుంది, వాసన కూడా తగ్గుతుంది. అంతేగాక ఆకులు మట్టిలో పెరిగినవి, ఎంత కడిగినా తమ వెంట తమ సూక్ష్మజీవులను తెస్తాయి. జీలకర్ర పొడి సువాసన గాలిలో పోయేది గనుక వేసిన గంటలోనే దాని గుణం ఎక్కువ. ఉల్లిపాయ ముక్కల గూర్చి చెప్పనే అక్కరలేదు. వాటిని గ్లాసులో వేయవలె గాని గిన్నెలో వేయరాదు. నిమ్మరసం పిండే అలవాటు కొన్ని ఇండ్లలో ఉన్నది. కమ్మని మజ్జిగకు అది అందమే గాని, నిలువ ఉంచదలచిన దానికి పులుపుపై పులుపు.

మేము ఇప్పుడు అనుసరించే పద్ధతి ఇది. ఒక లీటరు త్రాగే మజ్జిగకు 5 గ్రాముల అల్లం, రెండు పచ్చిమిరపకాయలు, ఒక రెమ్మ కరివేపాకు, ఉప్పు కలిపి రోటిలో నూరి, అర గ్లాసు నీటిలో కలిపి, పలుచని గుడ్డలో వడగట్టి ఆ రసాన్ని మాత్రమే వాడుతాము. పిప్పి మజ్జిగలో పడదు గనుక గొంతులో తగలదు, చేదుకు కూడా అవకాశం తక్కువ. జీలకర్రను దోరగా వేయించి, పొడి చేసి, అర చెంచాడు చొప్పున పైన వేస్తాము. ఇంగువ కావలసినవారు చిటికెడు నేతిలో పొంగించి, చల్లారిన తరువాత కలుపవచ్చు. కాగుతున్న తిరగమోతను పెద్ద మొత్తంలో మజ్జిగలో గుమ్మరిస్తే, తగిలిన చోట మజ్జిగ విరిగి పొరకలుగా మారుతుంది. కొత్తిమీరను సన్నగా తరిగి చివరిలో చల్లుతాము. మిరప గింజల కారం కొందరికి పడదు. చిన్నపిల్లలు ఉంటే గింజలు తీసివేయుట మంచిది.

పాత్ర విషయంలో ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. మజ్జిగ ఆమ్లం. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో అది లోహాన్ని కరిగించుకొంటుంది. అంచున పచ్చని మరక కనబడుట, లోహపు రుచి తగులుట దానికి గుర్తు. అటువంటి మజ్జిగ త్రాగితే వాంతులు కావచ్చు. పూర్వపు ఇల్లాండ్రు కళాయి పోసేవాని కొరకు ఎదురుచూచినది ఊరకనే కాదు. అల్యూమినియం అంత ప్రమాదకరం కాకపోయినా, గంటల తరబడి ఉంచితే రుచి చెడుతుంది, గిన్నె గుంటలు పడుతుంది. స్టీలు, గాజు, పింగాణి, మట్టి – ఇవి నిర్దోషమైనవి.

మట్టి కుండ మజ్జిగను చల్లగా ఉంచుతుందన్నది నిజమే, కాని దానికి రెండు హద్దులు ఉన్నవి. కుండ గోడల సన్నని రంధ్రాల గుండా నీరు చెమర్చి, ఆవిరియై పోతూ లోపలి వేడిని తీసుకొనిపోతుంది. గాలి పొడిగా ఉన్న చోటనే ఇది సాగుతుంది. కర్నూలులో, అనంతపురంలో, మహబూబ్‌నగర్‌లో ఏప్రిల్, మే నెలలలో కుండ నీరు బయటి గాలికంటె పది డిగ్రీల వరకు చల్లగా ఉండగలదు. మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్ళలో గాలిలోనే చెమ్మ ఎక్కువ గనుక కుండకు ఆ శక్తి తక్కువ. ఇక రెండవ హద్దు: పాలు పెరుగులు ఉంచిన కుండ రంధ్రాలు జిడ్డుతో పూడిపోతాయి. అది చెమర్చదు. పైగా ఆ రంధ్రాలలో పాత పులుపు నిలిచియుండి, కొత్త మజ్జిగకు తోడుపెట్టినట్లు అవుతుంది. కావున నీటిని కొత్త కుండలో చల్లబరచి, మజ్జిగను స్టీలు గిన్నెలో పోసి, ఆ గిన్నెను తడి ఇసుక పోసిన వెడల్పు మట్టి తొట్టిలో దించి, చుట్టూ తడి గుడ్డ చుట్టుట మేలు. గుడ్డ ఆరిపోకుండ గంటకొకసారి నీరు చల్లవలె. గాలి వీచే నీడలో ఉంచవలె గాని, గాలి ఆడని గదిలో మూల పెట్టితే ఆవిరి పోదు, చల్లబడదు.

ఎంతసేపు నిలుస్తుందన్న ప్రశ్నకు వద్దాము. ఈ లెక్క మాకు వంటింటిలోనే అబ్బినది. 2018, 2019 సంవత్సరాలలో రంజాన్ నెల మే నెల ఎండలలో వచ్చినది. ఉపవాసం విప్పే వేళకు మజ్జిగ సిద్ధంగా ఉండవలె, కాని దానిని చేసేవారు కూడా ఉపవాసంలోనే ఉంటారు గనుక రుచి చూడరు. పులిసినదో లేదో నాలుక చెప్పుటకు వీలు లేనప్పుడు గడియారమే చెప్పవలె. మా ఇంట తోడుపెట్టిన వేళ, చిలికిన వేళ ఒక కాగితం మీద వ్రాసి గోడకు అంటించుట అప్పుడే అలవాటైనది. సాయంత్రం త్రాగినప్పుడు ఎవరు మొగం చిట్లించినారో ఆ ప్రక్కనే వ్రాసెడివారము. రెండు నెలల కాగితాలు చూచిన తరువాత తేలిన సంగతులు ఇవి.

అప్పుడే తోడుకొన్న కమ్మని పెరుగును చిలికి, నీరూ మసాలా కలిపి, 38 నుండి 40 డిగ్రీల వేడిగల గదిలో ఉంచితే మూడు గంటల వరకు రుచిగా ఉన్నది. నాలుగవ గంటకు పులుపు తెలిసినది, కాని త్రాగవచ్చు. ఆరవ గంటకు అలవాటు లేనివారు గ్లాసు క్రింద పెట్టినారు. అదే పెరుగు అప్పటికే ఆరు గంటలు నిలిచినదైతే, ఈ మూడు గంటలు ఒకటిన్నరకు తగ్గిపోయినవి. చిక్కని మజ్జిగను మసాలా లేక, తడి ఇసుకలో ఉంచినప్పుడు ఆరు ఏడు గంటల వరకు కమ్మదనం పోలేదు. ఫ్రిజ్‌లో ఉంచిన మసాలా మజ్జిగ ఒక రోజు బాగున్నది. రెండవ రోజున పులుపుకంటె ముందు మసాలా వాసనయే చెడినది. మసాలా లేని చిక్కని మజ్జిగ మాత్రం ఫ్రిజ్‌లో మూడు రోజుల వరకు త్రాగదగినదిగా ఉన్నది. ఫ్రిజ్‌లోని చలి సూక్ష్మజీవుల పనిని మందగింపజేస్తుందే గాని నిలిపివేయదు. వేడి మజ్జిగను పెద్ద గిన్నెతో లోపల పెట్టితే నడిమి భాగం చల్లబడుటకే కొన్ని గంటలు పడుతుంది, ఆలోగా పులియవలసినంత పులుస్తుంది. చిన్న సీసాలలో పోసి పెట్టుట ఉత్తమం. ఇవి మా ఇంటి లెక్కలు. మీ తోడు, మీ పాలు వేరైతే ఒక గంట అటూ ఇటూ కావచ్చు.

పులిసినది వేరు, చెడినది వేరు. ఈ భేదం తెలియక మంచి మజ్జిగను పారబోసేవారూ ఉన్నారు, చెడినదానిని ఉప్పు వేసి త్రాగేవారూ ఉన్నారు. పైన తేట నిలుచుట చెడిన గుర్తు కాదు, కదలక ఉన్న ఏ మజ్జిగకైనా అది సహజం. శుద్ధమైన పులుపు ఎంత తీవ్రమైనా అది చెడుట కాదు. కాని గరిటెతో ఎత్తినప్పుడు తీగవలె సాగినా, కదపకుండనే బుడగలు లేస్తూ కల్లు వంటి వాసన వచ్చినా, పైన బూజు గాని గులాబి వన్నె గాని కనబడినా, చేదు కొట్టినా ఇక సంకోచింపక పారబోయవలె. అటువంటి దానిని కాచి వాడుట కూడ తగదు.

కేవలం పులిసిన మజ్జిగకు ఒక ఉపాయం ఉన్నది. దానిని కదపక ఒక గంట ఉంచితే పైన తేట తేలుతుంది. పులుపులో ఎక్కువ భాగం ఆ తేటలోనే ఉంటుంది. తేటను మెల్లగా వంచివేసి, అంతే కొలత చల్లని నీరు పోసి మరల చిలికితే మజ్జిగ మెత్తబడుతుంది. మసాలా కలిపిన దానికి ఈ ఉపాయం అంతగా చెల్లదు. ఉప్పు, కారం కూడా తేటతో పోతాయి, మరల వేసుకొనవలె. పచ్చిపాలో కాచిన పాలో కలిపి పులుపును కప్పిపుచ్చేవారు ఉన్నారు. కాచిన పాలను త్రాగబోయే ముందు కలిపితే దోషం లేదు. కాని పాలు పోసి మరల నిలువ ఉంచుట సూక్ష్మజీవులకు కొత్త విందు పెట్టుటయే. వంటసోడా వేయుట మాత్రం మేము ఎవరికీ చెప్పము. పులుపు విరుగుతుంది గాని సబ్బు నీటి రుచి వస్తుంది.

ఇప్పుడు మరల పరీక్షల మజ్జిగకు వస్తాము. మొదటి రోజు పరాభవం తరువాత మా వంటమనిషి, మేము కూర్చుండి అంతా తిరిగి లెక్క వేసినాము. 150 మంది విద్యార్థులు, ఒక్కొక్కరికి 200 మిల్లీలీటర్ల గ్లాసు, అనగా 30 లీటర్ల మజ్జిగ. ఒక పాలు పెరుగుకు మూడు పాళ్ళ నీరు చొప్పున ఏడున్నర లీటర్ల పెరుగు, ఇరువది రెండున్నర లీటర్ల నీరు. ఉప్పు 150 గ్రాములు, అల్లం 150 గ్రాములు, పచ్చిమిర్చి 60 కాయలు, వేయించిన జీలకర్ర 60 గ్రాములు. ఇవన్నీ మొదటి రోజు కూడ ఇవే కొలతలు. మారినది వేళలు మాత్రమే.

రాత్రి 8 గంటలకే నీటిని కాచి చల్లార్చి కొత్త కుండలలో నింపినాము. మజ్జిగ పులుపు నీటిలోని దోషాన్ని పోగొడుతుందని నమ్మరాదు. పెరుగు ఎంత శుద్ధమైనా మూడు పాళ్ళు నీరే గదా! పాలను రాత్రి 11 గంటలకు తోడుపెట్టినాము. ఉదయం 5 గంటలకు పెరుగు ముద్దగా ఉన్నది, తేట లేదు. నాలుగు లీటర్ల కుండ నీరు పోసి చిలికి, వెన్న తీసి, మిగిలిన చిక్కని మజ్జిగను రెండు స్టీలు గిన్నెలలో పోసి తడి ఇసుకలో దించినాము. వరండాలో కాదు, ఉత్తరపు కిటికీలున్న గదిలో. పాలేరు కుర్రవాడు గంటకొకసారి గుడ్డ తడిపినాడు. మసాలా 11 గంటలకు నూరి వడగట్టి వేరే సీసాలలో ఉంచినాము. ఎవరో మంచుగడ్డ తెచ్చి లోపల వేయబోయినారు. బజారు మంచు ఏ నీటితో చేసినదో తెలియదు గనుక, దానిని గోనెసంచిలో చుట్టి గిన్నెల చుట్టూ మాత్రమే పెట్టనిచ్చినాము.

పన్నెండుకు పది నిమిషాల ముందు ఒక గిన్నె మజ్జిగకే నీరు, మసాలా రసం, ఉప్పు, జీలకర్ర కలిపినాము. రెండవ గిన్నెను ముట్టలేదు. మొదటి గిన్నె పావుగంటలో అయిపోయినది. రెండవది కలిపే సరికి 12 గంటల 20 నిమిషాలు. చివరి గ్లాసు రెండు గంటలకు, జవాబు పత్రాల కట్టలు కట్టి వచ్చిన మా సహాధ్యాపకుడు ఒకరు త్రాగినారు. ఆయన మొదటి రోజున మజ్జిగను అందరికన్న ఎక్కువగా విమర్శించినవారు. గ్లాసు ఖాళీ చేసి, ఇంకొకటి ఉన్నదా అని అడిగినారు. అడుగున మిగిలినది ఒక లోటాడు మాత్రమే. అప్పటికి అది కొంచెం పులుపు తిరిగినది. ఆ రాత్రికి వంటమనిషి ఇంట అది మజ్జిగ పులుసు అయినది.